ఊరేగింపు వీడియో ఊగకుండా: గింబల్ కొనాలా, నడక మార్చుకోవాలా?

దారిదీపం:
పోయినవారం రాత్రి ఊరేగింపు పక్కనే నడుస్తూ ఫోన్‌లో 12 నిమిషాలు తీశాను. టీవీలో వేస్తే అమ్మ రెండు నిమిషాలకే కళ్లు తిరుగుతున్నాయని లేచి వెళ్లిపోయింది. ఫోన్‌ని మోటార్లతో కుదురుగా పట్టి ఉంచే కర్ర, అదే గింబల్, కొంటే ఇది పోతుందా? చేతులు, నడక సరిచేసుకుంటే చాలా?

మూడుమోటార్లు:
గింబల్ కొనండి, ఇంక ఆలోచించొద్దు. మూడేళ్లుగా వాడుతున్నాను. చెయ్యి ఎంత వణికినా ఫోన్ కదలదు. నడక నేర్చుకుంటూ కూర్చుంటే పండగ అయిపోతుంది.

నిలకడ:
"కదలదు" అన్నది సగమే నిజం. ఫోన్ పక్కకు ఒరగడం, ముందుకీ వెనక్కీ వాలడం, అటూ ఇటూ తిరగడం, ఈ మూడింటినే ఆ మోటార్లు ఆపుతాయి. అడుగేసినప్పుడు ఫోన్ మొత్తంగా పైకి లేచి కిందికి దిగుతుంది కదా, దాన్ని ఆపే మోటారు అందులో లేదు.

మామూలు నడకలో ఒళ్లు అడుగడుగుకీ నాలుగైదు సెంటీమీటర్లు లేచి దిగుతుంది. ఫోన్ అడ్డంగా పట్టుకుని, మామూలు లెన్స్‌తో రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీస్తే ఫ్రేములో పట్టే ఎత్తు సుమారు మీటరున్నర. అందులో ఐదు సెంటీమీటర్లంటే, 1080 వీడియోలో బొమ్మ అడుగుకోసారి 35 పిక్సెళ్ల దాకా గెంతుతున్నట్టు. అదే మనిషి పది మీటర్ల దూరంలో ఉంటే ఏడు పిక్సెళ్లే, చూసేవాళ్లు పట్టించుకోరు.

దారిదీపం గారూ, ముందు రెండు చూసి చెప్పండి. గెంతుతున్నది దగ్గరి మనుషులేనా, దూరపు దీపాలు కూడానా? వీడియో ఆపి ఒక్క ఫ్రేమునే చూస్తే దీపాలు చుక్కల్లా ఉన్నాయా, గీతల్లా సాగాయా?

కత్తెర:
ఎడిటింగ్ యాప్‌లో స్టెబిలైజ్ నొక్కితే సరిపోతుంది. అంచులు కొంచెం పోతాయి, అంతే.

దారిదీపం:
చూశాను. దూరపు దీపాలు సన్నగా వణుకుతున్నాయి. డప్పుల వాళ్లు నాకు చాలా దగ్గర్లో ఉన్నారు, వాళ్లే బాగా గెంతుతున్నారు. ఆపి చూస్తే దీపాలు చుక్కల్లా లేవు, వంకర గీతల్లా ఉన్నాయి.

నిలకడ:
అయితే మీ వీడియోలో మూడు జబ్బులు కలిసిపోయాయి. డప్పుల వాళ్ల గెంతు మీ అడుగుల వల్ల. దూరపు దీపాల వణుకు చేతుల వల్ల. గీతలు షట్టర్ వల్ల. రాత్రి వెలుతురు చాలక ఫోన్ ఒక్కో ఫ్రేముకి సెకనులో ముప్పయ్యో వంతు దాకా షట్టర్ తెరిచి ఉంచుతుంది. ఆలోగా ఫోన్ కదిలితే చుక్క గీతై కూర్చుంటుంది.

కత్తెర గారూ, ఆ గీతని ఏ స్టెబిలైజూ చెరపలేదు. ఫ్రేము కుదురుగా నిలబడుతుంది గానీ దీపాలు మాత్రం ఉండుండి మసకబారుతూ, తేటపడుతూ ఉంటాయి. అసలు ఊపు కన్నా అదే ఎక్కువ చికాకు.

ప్రో వీడియో మోడ్ ఉంటే షట్టర్ 1/100 దగ్గర పెట్టండి. మరీ చీకటైతే 1/50. బొమ్మలో కాస్త రవ్వ చల్లినట్టు గరుకు కనిపిస్తుంది, దాన్ని భరించవచ్చు. వైడ్ లెన్స్‌లో ఊపు తక్కువ కనిపిస్తుంది గానీ చాలా ఫోన్లలో అది తక్కువ వెలుతురు తీసుకుంటుంది, కాబట్టి రాత్రిపూట ప్రధాన లెన్సే మేలు.

మూడుమోటార్లు:
చేతి వణుకు వల్లే గీతలని మీరే అన్నారు. ఆ వణుకుని ఆపేదేమిటి? గింబలే కదా. ముందునుంచీ నేను చెబుతున్నది అదే.

నిలకడ:
ఆ మాట ఒప్పుకుంటాను. గీతల విషయంలో గింబల్ నిజంగా పనికొస్తుంది. కానీ మీరు చెప్పింది "ఇంక ఆలోచించొద్దు" అని. ఆయన కొనుక్కుని మళ్లీ రెండు మీటర్ల దూరంలోనే నడిస్తే డప్పుల వాళ్లు మళ్లీ గెంతుతారు.

మోతగాడు:
నేను పల్లకి మోసేవాణ్ని, వీడియోల సంగతి తెలియదు. కిందటేడు ఒకతను ఆ కర్ర పట్టుకుని మా ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ మా నాన్న కాలికి తగిలాడు. నాన్న తూలాడు, పల్లకి ఒక పక్కకి ఒరిగింది. ఆ అబ్బాయి స్క్రీన్ మీంచి కళ్లు తీయలేదు. గింబల్ కొనమని చెప్పేవాళ్లు ఇది కూడా చెప్పాలి.

మూడుమోటార్లు:
అండీ, మీ నాన్నగారికి జరిగింది తప్పే. దానికి గింబల్ వాడే అందర్నీ ఒకే గాటన కట్టొద్దు. వెనక్కి నడిచేవాళ్లు ఉత్త ఫోన్‌తోనూ ఉన్నారు. నేనెప్పుడూ భుజం పట్టి నడిపించే మనిషి లేకుండా వెనక్కి ఒక్క అడుగు వేయను.

చిన్నారి_అమ్మ:
నా గింబల్‌కి గుంపులో ఒకాయన భుజం తగిలింది. మోటార్లు ఆగిపోయి ఫోన్ తల వాల్చేసింది. మళ్లీ ఆన్ చేసి నిలబెట్టేసరికి అసలు ఘట్టం దాటిపోయింది, నా దగ్గర నేల, చెప్పులే మిగిలాయి. గుంపులోకి నేను మళ్లీ తీసుకెళ్లలేదు.

నిలకడ:
ఇన్ని తంటాలెందుకు? నడవకండి. ఊరేగింపే కదులుతోంది, మీరూ కదలాల్సిన పనేముంది? మలుపు దగ్గర గోడకి వీపు ఆనించి నిలబడండి. మోచేతులు డొక్కలకి ఆనించి, రెండు చేతులా ఫోన్ పట్టుకోండి. పాదాలు మాత్రం ఊరేగింపు దాటి వెళ్లే వైపుకి పెట్టి, నడుము వచ్చే వైపుకి తిప్పి మొదలుపెట్టండి. వాళ్లు దాటుతుంటే నడుము తనంతట తానే సర్దుకుంటుంది, చివర్లో మెలిక ఉండదు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, అందుకే చివరి నాలుగు సెకన్లు వణుకుతాయి.

మూడుమోటార్లు:
నిలబడి తీస్తే అది బస్సు కిటికీలోంచి చూసినట్టు ఉంటుంది. అందులో ఊరేగింపు ఉంటుంది, మనం ఉండం. చక్కటి ఫ్రేముల పిచ్చిలో మీకది పట్టడం లేదు.

నిలకడ:
చూడలేని వీడియోలో ఎవరుంటే ఏం లాభం? ఆయన తల్లి రెండు నిమిషాలకే లేచిపోయారు, అది చదివారా?

దారిదీపం:
ఇద్దరూ కోప్పడకండి. నేను మొదటే చెప్పాల్సింది. అమ్మ మోకాళ్లు రెండేళ్లుగా నడవనివ్వడం లేదు. అంతకుముందు ప్రతి ఏడాదీ చివరిదాకా నడిచేది. దాటిపోతుంటే చూడటం తనకి గుమ్మంలోంచి కూడా దొరుకుతుంది. నేను ఇవ్వాలనుకున్నది ఆ నడక.

నిలకడ:
ఇది ముందే తెలిస్తే నిలబడమనేవాణ్ని కాదు. అయితే నడవండి, కానీ ఐదారు మీటర్లు వెనకగా. గెంతు మూడో వంతుకి తగ్గుతుంది. అడుగు సగానికి తగ్గించండి, అడుగు పొడవు తగ్గితే ఒళ్లు లేవడమూ తగ్గుతుంది. మోకాళ్లు కాస్త వంచి, మడమ ముందు ఆనించి, పాదాన్ని వేళ్ల దాకా మెల్లగా దించండి. ఆ నడకతో ఒక నిమిషం దాటితే తొడలు నొప్పెడతాయి, వణుకు మళ్లీ వస్తుంది. అందుకని 20 సెకన్లు నడిచి తీసి, ఆగి, మళ్లీ తీయండి.

మూడుమోటార్లు:
ముక్కలు ముక్కలుగా తీస్తే అది నడకెలా అవుతుంది? ఆ అడుగులే వేస్తూ చేతిలో గింబల్ ఉంటే ఐదు నిమిషాలు ఆగకుండా తీయొచ్చు. ఫోన్ కవరు తీసి, బ్యాలెన్స్ చూసుకుని బిగిస్తే చాలు.

నిలకడ:
తొడల నొప్పి గింబల్‌తో తగ్గదు కదా. ఐదు నిమిషాల మాట మీద నాకింకా నమ్మకం లేదు.

దారిదీపం:
రాత్రి వరండాలో సగం అడుగులతో అటూ ఇటూ నడిచి తీశాను, షట్టర్ 1/100. అమ్మకి చూపిస్తే మొత్తం చూసింది. కానీ వరండాలో గుంపు లేదు. గింబల్ ఒక స్నేహితుడి దగ్గర అడిగాను, వచ్చే ఊరేగింపులో కాసేపు దాంతో, కాసేపు ఉత్త చేతులతో తీసి రెండూ ఇక్కడ పెడతాను. మోతగాడు గారూ, నేను వెనకే ఉంటాను, మీ ముందుకి రాను.