45 రోజుల లాబ్రడార్ పిల్ల, రెండు టీకాలు అయిపోయాయట. అడ్వాన్స్ కట్టొచ్చా?

శ్రీలత, తిరుపతి: ఆన్‌లైన్‌లో లాబ్రడార్ పిల్లను చూశాను. అమ్మే ఆయన బెంగళూరులో ఉంటాడంట. ధర 9,000. ఈరోజే 3,000 ఫోన్‌పే చేస్తే రాత్రి బస్సులో బుట్టలో పెట్టి పంపుతానంటున్నాడు. టీకా కార్డు ఫోటో పంపినాడు. పుట్టిన తేదీ జూన్ 2, టీకాలు జూన్ 24న ఒకటి, జూలై 8న ఒకటి. ఈరోజు జూలై 17. పిల్లలు ఒకటే గొడవ చేస్తున్నారు. కట్టమంటారా?

సుధాకర్, చిత్తూరు: జాతి కుక్కలను నమోదు చేసే కేసీఐ పేపర్లు ఉన్నాయా అని అడగండి. ఉంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. 9,000కి లాబ్ అంటేనే అనుమానం. 25,000 పెడితే మంచి చోట దొరుకుతుంది.

మునిరత్నం, రేణిగుంట: కట్టొద్దమ్మా. నేను కుక్కల క్లినిక్‌లో కాంపౌండర్‌ని, ఇట్లాంటి కార్డులు రోజూ చూస్తాను. ఆ తేదీలు ఒకసారి లెక్కేయండి. జూన్ 2న పుట్టిన పిల్లకు జూన్ 24 నాటికి 22 రోజులు, జూలై 8కి 36 రోజులు. కుక్కపిల్లల ప్రాణం తీసే అంటురోగాలైన పార్వో, డిస్టెంపర్‌లకు మొదటి టీకా మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వేస్తారు. అంటే ఈ పిల్లకు జూలై 14 కంటే ముందు వేయాల్సిన పని లేదు. జున్నుపాలతో తల్లి నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో గట్టిగా ఉన్నప్పుడు టీకా పడితే, ఆ రక్షణే టీకాను పనిచేయనివ్వదు. అందుకే తర్వాత కూడా మూడు నాలుగు వారాలకోసారి, పిల్లకు నాలుగు నెలలు వచ్చేదాకా మళ్లీ మళ్లీ వేస్తాం. కాబట్టి అక్కడ నిజంగా సూది పడినా దాన్ని నమ్ముకోలేం. పడకుండా పెన్నుతో రాసి ఉండడానికే అవకాశం ఎక్కువ.

కార్డులో స్టిక్కర్లు ఉన్నాయా? టీకా సీసా మీది లేబుల్ పీకి కార్డులో అంటిస్తారు, దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. పక్కన డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి.

శ్రీలత: స్టిక్కర్లు లేవన్నా. పెన్నుతో రాసిన తేదీలు, ఒక ముద్ర. ముద్రలో డాక్టరు పేరుంది, నంబరు లేదు.

హరి, పుత్తూరు: మా పప్పీకి 3 నెలలు, టీకా వేసినచోట గడ్డ కట్టింది. అది కూడా నకిలీ టీకానా?

మునిరత్నం: హరీ, అది వేరే విషయం. చిన్న గడ్డ మామూలే, కొన్నాళ్లకు కరుగుతుంది. పెరుగుతున్నా, ముట్టుకుంటే ఏడుస్తున్నా వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో చూపించు.

సుధాకర్ గారూ, కేసీఐ కాగితం వంశం గురించి చెబుతుంది, తల్లిని ఎట్లా ఉంచారో చెప్పదు. ధర కూడా అంతే. ఎక్కువ ధరకు అమ్మేవాళ్లలోనూ ప్రతి ఎదకూ ఆడకుక్కను కట్టించేవాళ్లున్నారు. 2017 నిబంధనల ప్రకారం కుక్కలను పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. ఏడాదికి ఒక ఈతకు మించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఈ పిల్లకు 56 రోజులు నిండేది జూలై 28కి. నెల దాటితే మేత ఖర్చు, టీకాల ఖర్చు అమ్మేవాడి మీద పడతాయి, అందుకే తొందర.

రెడ్డెమ్మ, పలమనేరు: మేం పోయినేడు ఇట్లాగే బస్సులో తెప్పించుకున్నాం. నాలుగో రోజు వాంతులు, రక్తపు విరేచనాలు. సెలైన్లు ఎక్కించినా దక్కలేదు. అమ్మినాయన ‘మీ ఇంట్లోనే అంటుకుంది’ అన్నాడు.

మునిరత్నం: పార్వో సోకినాక బయటపడడానికి ఎక్కువగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుందక్కా, ఒక్కోసారి రెండు వారాలు కూడా. నాలుగో రోజే పడిపోయిందంటే అక్కడి నుంచో, దారిలోనో వచ్చిందనే నా అనుమానం. కానీ రుజువు చేయడం కష్టం. వాళ్ల ధైర్యం అదే.

శ్రీలతమ్మా, ఇప్పుడే వీడియో కాల్ చేయమనండి. రికార్డు చేసిన వీడియో వద్దు. పిల్లలు తల్లి దగ్గర పాలు తాగుతుండగా చూపించమనండి. తల్లి పొదుగు సాగి ఉందా, పిల్లలు దాని మీదికి ఎగబాకుతున్నాయా చూడండి. పోయినసారి ఎప్పుడు ఈనిందో అడగండి.

శ్రీలత: అడిగినా. తల్లి వేరే ఫారంలో ఉందంట. ఇంకో పార్టీ ఎదురు చూస్తున్నారు, పది నిమిషాల్లో కట్టకపోతే వాళ్లకిచ్చేస్తానన్నాడు. అదే నంబరు మీద పగ్, షిట్జు, హస్కీ ప్రకటనలు కూడా కనిపించినాయి. కట్టలేదు. కానీ ఆ పిల్ల ముఖం చూస్తే వదలబుద్ధి కాలేదు. కొని కాపాడినట్టు కాదా?

రెడ్డెమ్మ: నేనైతే కొనేస్తాను. దాని తప్పేముంది?

మునిరత్నం: ఆ 9,000తో ఆయన తల్లిని మళ్లీ కట్టిస్తాడక్కా. ఈ ఒక్కటీ బయటికొస్తుంది, వెనక ఇంకో ఈత తయారవుతుంది.

రెడ్డెమ్మ: ఉండొచ్చు. నా మనసు ఒప్పుకోదు.

శ్రీలత: చిత్తూరు దగ్గర ఒకాయన ఇంటికొచ్చి తల్లిని చూసుకోమంటున్నాడు. పిల్లలకు ఐదు వారాలంట. ఆదివారం పోదామనుకుంటున్నాం.

మునిరత్నం: చూసి రండి, ఎనిమిది వారాలు నిండేదాకా ఇంటికి తేకండి. ఉంటున్న చోటు మొత్తం చూపిస్తాడా, గేటు దగ్గరికే పిల్లను తెస్తాడా గమనించండి. అదే రోజు రెండో చోటికి పోవద్దు. పార్వో చెప్పులకు అంటుకుని వెళ్తుంది, మంచి చోట ఉన్న పిల్లలకు మీరే మోసుకెళ్లినట్టవుతుంది.