పై కెమెరాలో వీణ కుండ అడ్డంగా సాగి, అవతలి కొస తెగిపోయి కనిపిస్తోంది

వీణాపాఠం_చిక్కడపల్లి
నమస్కారం. చిక్కడపల్లిలోని మా ఇంటి నుంచి విదేశాల్లో ఉన్న పిల్లలకు వీణ నేర్పుతున్నాను. ఒక కెమెరా నా ముఖానికి ఎదురుగా ఉంటుంది. వేళ్ళు, మెట్లు కనిపించడానికి రెండోదాన్ని స్టాండుకు బిగించి వీణకు సరిగ్గా పైన పెట్టాను. రెండింటినీ OBSలో కలిపి, అక్కడి వర్చువల్ కెమెరాను వీడియో కాల్‌కు ఇస్తున్నాను. ముఖం కెమెరాతో ఇబ్బంది లేదు. పై కెమెరాలో మాత్రం కుండ అడ్డంగా సాగి కనిపిస్తోంది, నా చేతివేళ్ళు కూడా లావుగా ఉన్నాయని పిల్లలు నవ్వుతున్నారు. పైగా వీణ మొత్తం ఫ్రేములో పట్టడం లేదు. కుండను పూర్తిగా చూపిస్తే యాళి ముఖం వైపు మెట్లు తెగిపోతున్నాయి, స్టాండు ఇంకా పైకి లేపడానికి ఫ్యాను అడ్డం. సాగడం, తెగడం రెండు వేర్వేరు లోపాలా, లేక ఒకటేనా?

ఫైబర్_కూకట్‌పల్లి
ఇది ఇంటర్నెట్ వేగం తగ్గడం వల్ల వచ్చే సమస్య, మా ఇంట్లోనూ సాయంత్రం వేళల్లో ఇలాగే అవుతుంది. వేగం తగ్గినప్పుడు యాప్ తనంతట తానే రెజల్యూషన్ తగ్గిస్తుంది. కెమెరాను, OBSను, కాల్‌ను అన్నిటినీ 1080కి పెట్టి, మంచి ప్లాను తీసుకుంటే సరిపోతుంది.

పెళ్ళిలైవ్_అమీర్‌పేట
కూకట్‌పల్లి మిత్రులు చెప్పినదాంట్లో సగం నిజం. లైను బలహీనపడితే యాప్ రెజల్యూషన్ తగ్గిస్తుంది, కానీ బొమ్మ మసకబారుతుందే తప్ప ఆకారం మారదు, ఎందుకంటే పొడవు, వెడల్పు ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి. గుండ్రనిది సాగిందంటే 4:3 చిత్రాన్ని ఎవరో బలవంతంగా 16:9 చట్రంలోకి లాగారన్నమాట. మేడమ్, మీ దగ్గర కొలబద్ద లాంటి వస్తువు ఉండనే ఉంది. కాల్ నడుస్తుండగా తెర మీద కుండ అడ్డాన్ని, నిలువును స్కేలుతో కొలిచి, అడ్డాన్ని నిలువుతో భాగించి చెప్పండి. అయితే కెమెరా వాలుగా ఉన్నా గుండ్రనిది కోలగా కనిపిస్తుంది కనుక, ముందు అది నిటారుగా కిందికి చూస్తోందో లేదో సరిచూసుకోండి. OBSలో ఆ కెమెరా Properties తెరిచి, Resolution దగ్గర ఏముందో కూడా చూడండి.

ఇంటర్వ్యూ_దిల్‌సుఖ్‌నగర్
నాకూ ఇదే సమస్య. నా వెనుక గోడ మీద ఉన్న క్యాలెండరులోని అక్షరాలు నాకు తిరగబడి కనిపిస్తున్నాయి. రేపు ఇంటర్వ్యూ ఉంది, దయచేసి చెప్పగలరు.

పెళ్ళిలైవ్_అమీర్‌పేట
తమ్ముడూ, అది వేరే సంగతి. మీకు చూపే బొమ్మను మాత్రమే యాప్ అద్దంలా తిప్పుతుంది, అవతలివారికి సాధారణంగా సరిగ్గానే వెళుతుంది. నిశ్చింతగా ఇంటర్వ్యూకు వెళ్ళండి.

వీణాపాఠం_చిక్కడపల్లి
కెమెరా నిటారుగానే ఉంది, దారానికి బరువు కట్టి వేలాడదీసి చూశాను. తెర మీద కుండ అడ్డం 12 సెంటీమీటర్లు, నిలువు 9 వచ్చింది. OBSలో పై కెమెరాకు 640x480 అని ఉంది. కెమెరా డబ్బా మీద మాత్రం 720 అని రాసి ఉంది. మొదట్లో 1280x720 పెడితే బొమ్మ ఆగి ఆగి వచ్చేది, అందుకే మా తమ్ముడు 640x480 పెట్టి, నల్లటి పట్టీలు కనిపించకుండా తెర నిండా సర్దాడు.

పెళ్ళిలైవ్_అమీర్‌పేట
12ను 9తో భాగిస్తే 1.33 వస్తుంది. 16:9ని 4:3తో భాగించినా అదే వస్తుంది కాబట్టి ఇక అనుమానం లేదు. మీ రెండు లోపాలకూ మూలం ఆ 640x480 ఎంపికే. ఆ కెమెరా సెన్సారు వెడల్పాటిదై ఉండాలి. 4:3 అడిగినప్పుడు అలాంటి కెమెరా రెండు పక్కలా కోసి ఇస్తుంది, అంటే వెడల్పులో నాలుగో వంతు మీ కంప్యూటరుకు చేరకముందే పోతుంది, అందుకే యాళి వైపు మెట్లు తెగాయి. మిగిలిన భాగాన్ని OBS అడ్డంగా లాగింది, అందుకే వేళ్ళు లావెక్కాయి. అన్ని కెమెరాలూ ఇలా ఉండవు. 4:3 సెన్సారు ఉన్నవాటిలో ఇది తలకిందులై, 16:9 అడిగితేనే పైనా కిందా కోత పడుతుంది. కెమెరాను కదపకుండా రెండు రెజల్యూషన్లనూ మార్చి చూస్తే, ఏ అంచులు మాయమయ్యాయో చూసి మీది ఏ రకమో తెలుసుకోవచ్చు.

ఇక బొమ్మ ఆగి ఆగి రావడానికి కారణం చెబుతాను. కుదించని YUY2 రూపంలో 1280x720 బొమ్మ ఒక్కొక్కటి సుమారు 18 లక్షల బైట్లు. సెకనుకు 30 బొమ్మలంటే 55 మెగాబైట్లు. USB 2.0 మీద కెమెరాకు అందేది గట్టిగా అయితే 24 మెగాబైట్లే, కాబట్టి బొమ్మల సంఖ్య పడిపోతుంది. 640x480 అయితే 18 మెగాబైట్లతో సరిపోతుంది. మీ తమ్ముడిగారికి అది పనిచేసినట్టు కనిపించింది అందుకే. అదే పెద్ద బొమ్మను MJPEG రూపంలో అడిగితే కెమెరాయే కుదించి పంపుతుంది, దారి ఇరుకు కాదు.

చేయవలసింది ఇది. Resolution/FPS Type దగ్గర Custom ఎంచుకుని, Resolution 1280x720, Video Format MJPEG పెట్టండి. Settings లోని Video పేజీలో Base (Canvas) Resolution కూడా 1280x720 ఉంచండి. తరువాత పై కెమెరాను ఎంచుకుని Ctrl+R నొక్కి పాత సర్దుబాటును తుడిచేసి, Ctrl+F నొక్కండి. Ctrl+S జోలికి పోకండి, సాగదీసేది అదే. కెమెరా 16:9 ఇస్తున్నంతవరకు రెంటిలో ఏది నొక్కినా ఒకేలా కనిపిస్తుంది, కానీ ఎప్పుడైనా అది మళ్ళీ 4:3కి జారితే, Ctrl+F వల్ల పక్కన నల్లటి పట్టీలు వచ్చి లోపం మీ కళ్ళ ముందే బయటపడుతుంది. పట్టీలు చూడటానికి బాగుండవని చాలామంది సాగదీస్తారు గానీ, నా దృష్టిలో పట్టీలే నయం.

వీణాపాఠం_చిక్కడపల్లి
కుండ గుండ్రంగా వచ్చింది, స్టాండు కదపకుండానే మెట్లన్నీ కనిపించాయి, బొమ్మ కూడా ఆగడం లేదు. ధన్యవాదాలు. రెండు విషయాలు మిగిలాయి. ట్యాబ్ నిలువుగా పెట్టుకుని చూసే ఒక అమ్మాయికి మాత్రం ఇంకా రెండు కొసలూ తెగుతున్నాయట. కంప్యూటరు నిద్రలోంచి లేచాక ఒక్కోసారి పై కెమెరా మళ్ళీ 640x480కి వస్తోంది, మీరన్నట్టే పట్టీలు కనిపించాయి.

టీమ్స్‌_గచ్చిబౌలి
ఆ అమ్మాయి విషయం చూసేవారి వైపు జరిగే కోత. గడి నిండేలా యాప్ బొమ్మను పెద్దది చేసి అంచులు దాచేస్తుంది, పంపేవారు ఏం చేసినా అది మారదు. మా ఆఫీసులో వాడే టీమ్స్‌లో ఎదుటివారి వీడియో మీద రైట్ క్లిక్ చేసి Fit to frame ఎంచుకుంటే మొత్తం కనిపిస్తుంది. అన్ని యాప్‌లలో ఈ వీలు లేదు. ముందు ట్యాబును అడ్డంగా తిప్పి, మీ వీడియోను పిన్ చేసుకోమనండి. నిద్ర తరువాతి సమస్య మాత్రం USB హబ్‌కు కరెంటు చాలకపోవడం అని నా అనుమానం.

పెళ్ళిలైవ్_అమీర్‌పేట
కరెంటు చాలకపోతే కెమెరా పూర్తిగా మాయమవుతుంది గానీ చిన్న రెజల్యూషన్‌కు రాదని నేననుకుంటాను. రెండు కెమెరాలూ ఒకే హబ్‌లో ఉంటే, ముందు లేచినది దారిని ఎక్కువగా ఆక్రమించి ఉండవచ్చు. ముఖం కెమెరా ఇంకా YUY2లో ఉందేమో చూసి, దాన్నీ MJPEGకి మార్చండి. ఒక్కోదాన్ని విడి పోర్టుకు పెట్టి చూడండి, అయితే కొన్ని ల్యాప్‌టాపుల్లో పక్కపక్క పోర్టులు లోపల ఒకే దారిని పంచుకుంటాయి, అందుకని ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి పెట్టడం మేలు.

వీణాపాఠం_చిక్కడపల్లి
ముఖం కెమెరా YUY2లోనే ఉంది, ఇప్పుడు మార్చాను. నా ల్యాప్‌టాపుకు పోర్టులన్నీ ఎడమవైపే ఉన్నాయి, హబ్ తీసేసి నేరుగా పెట్టి చూస్తాను. ట్యాబ్ తిప్పాక ఆ అమ్మాయికి యాళి ముఖం కనిపించింది, కుండ అంచు ఇంకా కొంచెం తెగుతోందట.