ఫొటోలో వచ్చిన స్కూల్ టైమ్‌టేబుల్: నాలుగు గళ్ళు ఖాళీగా తేలుతున్నాయి, ఎలా చదవాలి?

శైలజ:
మా బాబు ఎనిమిదో తరగతి. క్లాస్ వాట్సాప్ గ్రూపులో కొత్త టైమ్‌టేబుల్ ఫొటో పెట్టారు. నోటీసు బోర్డుకి అంటించిన కాగితాన్ని పక్కన నిలబడి తీసినట్టున్నారు, కుడివైపు లైటు పడి గీతలు సగం ఎగిరిపోయాయి. ఏ రోజు ఏ పుస్తకాలు సర్దాలో చూసుకోవడానికి షీట్‌లోకి ఎక్కిస్తున్నాను. ఆరు రోజులు, రోజుకి 8 పీరియడ్లు, మొత్తం 48 గళ్ళు. నాకు 44 మాత్రమే నిండాయి. మంగళవారం, బుధవారం, శనివారం ఎనిమిదో పీరియడ్, శుక్రవారం అయిదో పీరియడ్ ఖాళీ. లంచ్ తర్వాత భాగం నాకు ఇలా వచ్చింది:

```
      V     VI    VII      VIII
MON   SOC   BS    COMP     GAMES
TUE   SOC   PS    ART
WED   PS    MAT   PS LAB
```

టైములు పైన చీమల్లాంటి అక్షరాల్లో ఉన్నాయి. నాకు కనబడినంతవరకు: I 9.15, II 10.00, III 10.50, IV 11.30, లంచ్ 12.10, V 12.35, VI 1.35, VII 2.25, VIII 3.00, లాంగ్ బెల్ 3.35. ఈ ఖాళీలంటే పిల్లల్ని ముందే వదిలేస్తారనా? ఇంకొకటి, SOC ఉండగా మళ్ళీ SS అని విడిగా రెండు చోట్ల ఉంది. అదేంటి?

ఫణి:
ఖాళీలు కావండీ, అవి కలిపేసిన గళ్ళు. ఎడమపక్క గడిలో ఏముందో అదే కుడిపక్క గడికీ వర్తిస్తుంది. బుధవారం VII, VIII రెండూ PS LAB. అదే లెక్కన మంగళవారం VIII కూడా ART, శుక్రవారం V అంటే శుక్రవారం IVలో ఉన్నదే. టైముల గురించి తల బద్దలు కొట్టుకోకండి, స్కూళ్ళలో పీరియడ్ అంటే 40 నిమిషాలు. 9.15 నుంచి నలభై నలభై కలుపుకుంటూ పోండి, సరిపోతుంది.

విజయలక్ష్మి:
ఆటల పీరియడ్ సోమవారం ఒక్కరోజే పెట్టారా! మా పాప స్కూల్లోనూ ఇంతే, మీటింగులో అడిగితే సిలబస్ అంటారు. మీరు గట్టిగా అడగండి శైలజ గారూ, వదలొద్దు.

శైలజ:
అయ్యో, నా బాధ అది కాదండీ. ఆ గడి చదవడమే రావడం లేదు.

సుబ్బారావు మాస్టారు:
మా బడిలో ఏటా టైమ్‌టేబుల్ వేసే పని నా నెత్తినే ఉంటుంది కాబట్టి చెబుతున్నాను. ఫణి గారు బుధవారం సంగతి సరిగానే చెప్పారు. మిగతావాటికి ఆ సూత్రం పనికిరాదు. గళ్ళు అడ్డంగానూ కలుపుతారు, నిలువుగానూ కలుపుతారు. గీత కనబడనప్పుడు అక్షరాలు ఎక్కడ కూర్చున్నాయో చూడాలి. కలిపిన గడిలో మాట ఆ పెద్ద గడికి నట్టనడుమ పడుతుంది. శైలజ గారూ, ఫొటో పెద్దది చేసి సోమవారం వరసలో COMP ఏ ఎత్తులో ఉందో, GAMES కూడా అదే ఎత్తులో ఉందో లేదో చూడండి. తర్వాత PS LAB సరిగ్గా VII అంకె కింద ఉందా, కాస్త కుడికి జరిగి ఉందా చూడండి. ఫొటో వంకరగా ఉందన్నారు కదా, స్కేలు పెట్టి కొలవకండి, అదే వరసలో పక్క మాటతో పోల్చండి.

శైలజ:
చూశాను మాస్టారూ. GAMES అనేది COMP కంటే కిందకి ఉంది, సోమవారానికీ మంగళవారానికీ సరిగ్గా మధ్యలో. PS LAB కూడా VIIకీ VIIIకీ నడుమన ఉంది. శనివారం CCA కూడా అంతే. కానీ శుక్రవారం IVలో ENG తిన్నగా దాని గడిలోనే ఉంది, ఎటూ జరగలేదు.

సుబ్బారావు మాస్టారు:
అయితే మూడు తేలిపోయాయి. GAMES సోమ, మంగళవారాలకు నిలువుగా కలిపారు. ఆ రెండు రోజులూ ఆఖరి పీరియడ్ ఆటలే. PS LAB, CCA అడ్డంగా కలిపినవి. మంగళవారం ART ఒక్క పీరియడే.

శుక్రవారం V సంగతి వేరు. IVకీ Vకీ మధ్య లంచ్ ఉంది. అన్నం బెల్లు దాటించి గడి కలపరు, ల్యాబ్ అయినా సరే ఒక బెల్లుకి ఇటో అటో పెడతాం. కాబట్టి అది కలిపిన గడి కాదు. లైటు పడి అక్షరాలు పోయాయా, టీచరు పోస్టు ఖాళీగా ఉండి నిజంగానే వదిలేశారా అన్నది వేరే దారిలో తేల్చాలి. కాగితం అడుగున సబ్జెక్టు, టీచరు పొడి అక్షరాలు, వారానికి ఎన్ని పీరియడ్లు అని చిన్న పట్టిక ఉంటుంది చాలాచోట్ల. మీ ఫొటోలో ఉందా?

టైములకు నలభై నలభై కలపడం మాత్రం వద్దు. మొదటి పీరియడ్‌లో హాజరు తీసుకుంటారు కాబట్టి 45 ఇస్తాం. మీ కాగితంలో 9.15 నుంచి 10.00 అదే. నలభై వేసుకుంటే రెండో పీరియడ్ దగ్గరే 5 నిమిషాలు తప్పుతుంది. చివరి రెండూ 35 చొప్పున ఉన్నాయి. మీరు రాసిన వాటిలో నాకు అనుమానం వచ్చింది ఒక్కటే, V 12.35. అదే నిజమైతే లంచ్‌కి 25 నిమిషాలే, అయిదో పీరియడ్ గంటసేపు. II, VI తర్వాత వచ్చే ఇంటర్వెల్ తీసేస్తే మీ బడిలో మరే పీరియడూ 45 దాటలేదు. 12.55 అనుకుని చూడండి: లంచ్ 45, V 40, రెండూ కుదురుతాయి. మసక ఫొటోలో 3, 5, 8 ఒకదానిలా ఒకటి కనబడతాయి.

ఫణి:
ఒప్పుకుంటున్నా మాస్టారూ, 45 ఉంటుందని నాకు తట్టలేదు. షీట్ సంగతి మాత్రం నేను చెప్తా. శైలజ గారూ, 12.10 అని చుక్క పెట్టి కొడితే అది టైము అనుకోదు, మామూలు అంకె అనుకుని 12.1 చేస్తుంది. 12:10 అని కొట్టండి. మధ్యాహ్నం 1:35ని 13:35 అని ఇవ్వండి, లేకపోతే అర్ధరాత్రి దాటాక 1:35 అనుకుంటుంది. దాన్నిబట్టి రిమైండర్లు పెట్టుకుంటే ఇంట్లో అందరూ లేస్తారు.

ఫొటోలో ఉన్నట్టే షీట్‌లో గళ్ళు కలపొద్దు. కలిపితే మొదటి గడిలోనే మాట ఉంటుంది, లెక్కలో ఒకటే వస్తుంది. GAMES రెండుసార్లు, PS LAB రెండుసార్లు విడివిడిగా టైప్ చేయండి. ఇంటర్వెల్, లంచ్ నిలువు వరసలు వదిలేసి పీరియడ్లు మాత్రమే B నుంచి I వరకు పెట్టుకుంటే ఈ రెండూ చాలు:

```
=COUNTBLANK(B2:I7)
=COUNTIF(B2:I7,"PS*")
```

మొదటిది ఇంకా ఎన్ని ఖాళీలున్నాయో చెప్తుంది. రెండోది PS, PS LAB కలిపి లెక్కపెడుతుంది.

శైలజ:
అడుగున పట్టిక ఉంది కానీ గ్రూపులో పెట్టిన ఫొటోలో అలుక్కుపోయింది. ఫొటో తీసిన ఆవిడని అడిగి డాక్యుమెంట్‌గా పంపించుకున్నాను, ఇప్పుడు చదవగలుగుతున్నా. శుక్రవారం V దగ్గర మాత్రం అందులోనూ తెల్లటి వెలుగే. పట్టిక ఇదీ:

```
MAT 7   ENG 7   TEL/HIN 6   PS 6
BS 5    SOC 6   COMP 2      ART 1
LIB 1   GAMES 3 CCA 2       SS 2
```

మొత్తం 48 వచ్చింది. నా షీట్‌లో అన్నీ సరిపోయాయి, రెండు తప్ప. PS నాకు 4 వస్తోంది, పట్టికలో 6. SOC నాకు 5, పట్టికలో 6.

సుబ్బారావు మాస్టారు:
PS తేడా తేడా కాదు. ల్యాబ్ రెండు పీరియడ్లూ ఫిజిక్స్ సారు ఖాతాలోనే రాస్తారు, 4కి 2 కలిపితే 6. మీరు ల్యాబ్‌ని విడిగా లెక్కేసి ఉంటారు. ఇక మిగిలిన గడి ఒకటి, తగ్గిన సబ్జెక్టు ఒకటి. శుక్రవారం V సోషల్. మిగతావన్నీ అంకెకి అంకె సరిపోయాయి కాబట్టే ఇంత ధీమాగా అంటున్నాను. ఇంకో సబ్జెక్టులో ఒకటి ఎక్కువొచ్చి ఉంటే అనేవాణ్ణి కాదు, ఎక్కడో SOC గడిని మరోలా చదివారని అర్థం అయ్యేది. శుక్రవారం సోషల్ పుస్తకం పెట్టి పంపండి, సాయంత్రం బాబుని ఒక మాట అడగండి.

నస్రీన్:
నేను జిల్లా పరిషత్ బడిలో కొత్తగా చేరాను. స్టాఫ్ రూములో గోడకున్న పెద్ద టైమ్‌టేబుల్‌లో రోజులే లేవు! ఎడమవైపు తరగతులు, పైన పీరియడ్లు, గడిలో MAT 1-4 అని, దాని కింద PET 5,6 అని ఉంది. 1-4 అంటే ఒకటి నుంచి నాలుగో పీరియడ్ వరకు లెక్కలే అనుకున్నా. నాలుగు పీరియడ్లు వరసగా లెక్కలేమిటి?

సుబ్బారావు మాస్టారు:
ఆ అంకెలు రోజులమ్మా. సోమవారం 1, శనివారం 6. పీరియడ్ ఏదో పై వరసలోనే ఉంది కదా, గడిలో మళ్ళీ రాయరు. అంటే ఆ పీరియడ్‌లో సోమవారం నుంచి గురువారం వరకు లెక్కలు, శుక్ర, శనివారాలు ఆటలు. కామాకీ అడ్డగీతకీ తేడా చూసుకోండి. 1,4 అంటే సోమవారం, గురువారం మాత్రమే.

ఫణి:
శైలజ గారి షీట్‌లో TEL/HIN ఉంది కదా, అది ఒక వారం తెలుగు, ఒక వారం హిందీ అనుకుంటా.

శైలజ:
కాదండీ, మా స్కూల్లో సెకండ్ లాంగ్వేజ్ తెలుగు తీసుకున్నవాళ్ళు ఒక గదికి, హిందీ వాళ్ళు ఇంకో గదికి వెళ్తారు. అదే టైములో రెండూ నడుస్తాయి. మా వాడికి అన్నీ TEL అని మార్చేసుకున్నా. మరి SS?

నస్రీన్:
సూపర్వైజ్డ్ స్టడీ అయ్యుండొచ్చు మేడం. నేను ఇంతకుముందు పనిచేసిన ప్రైవేటు బడిలో అలాగే రాసేవాళ్ళు, పిల్లలు కూర్చుని హోంవర్కు చేసుకునేవారు.

సుబ్బారావు మాస్టారు:
చాలా బడుల్లో SS అంటే సోషలే. మీ కాగితంలో SOC విడిగా ఉంది కాబట్టి అది కాదు, అంతవరకే చెప్పగలను. ఏదన్నది బడిబడికీ మారుతుంది. SS ఎదురుగా టీచరు అక్షరాలు ఏమున్నాయి?

శైలజ:
CT అని ఉంది.

ఫణి:
క్లాస్ టెస్ట్! వారానికి రెండు పరీక్షలు.

నస్రీన్:
క్లాస్ టీచర్ కూడా కావచ్చు కదా సార్. ఆ వరసలో మిగతా అందరివీ టీచర్ల పేర్లే కదా.

సుబ్బారావు మాస్టారు:
నాకూ క్లాస్ టీచరే అనిపిస్తోంది, కానీ ఇది ఫొటో చూసి తేలేది కాదు. డైరీలో ఒక ముక్క రాసి పంపండి. ఆ రెండు పీరియడ్లకూ ఏ పుస్తకాలు తేవాలో కూడా అందులోనే అడగండి.

శైలజ:
రాసి పంపుతున్నా మాస్టారూ. వచ్చేదాకా ఆ రెండు గళ్ళకీ పసుపు రంగు వేసి ఉంచుతాను.