ఆరనీయా, ఆరనీకా?

కోనేటిగట్టు: ల్యాబు గోడ మీది మాట ఒకటి సగమే గుర్తొచ్చి తినేస్తోంది. క్షయ పరీక్షకు కళ్ళె స్లయిడు మీద ఎర్రరంగు పోసి, కింద సెగ పెట్టేటప్పటిది. "ఆవిరి లేపు, మరగనీకు, అయిదు నిమిషాలు ఆరనీ..." ఇది "ఆరనీ" దగ్గరే ఆగుతుందా, చివర "కు" ఉందా? తిరుపతి, చిత్తూరు వైపు ల్యాబుల వాళ్ళెవరైనా చెప్పండి.

పీలేరు గాలి: "ఆరనీ"యే. సందేహం దేనికి? పూత గాలికి పూర్తిగా ఆరాలి. తడిగా ఉండగానే మంట చూపిస్తే చిటపటమని తుంపర లేస్తుంది, అది మన ముక్కులోకే పోతుంది. ఆరాకే మంట మీదుగా మూడు నుంచి అయిదుసార్లు పోనివ్వాలి.

పాత మైక్రోస్కోపు: మీరన్నది నిజమే గానీ, అది రంగు పోయకముందు సంగతి. ఈ మాట కార్బాల్ ఫుక్సిన్ అనే ఆ ఎర్రరంగు పోశాక చెప్పేది. పూతంతా మునిగేలా పోసి, ఆవిరి లేచేదాకా వేడిచేసి, మంట తీసేసి అయిదు నిమిషాలు వదిలేస్తాం. ఆ అయిదు నిమిషాల్లో రంగు ఎక్కడైనా ఎండుతుంటే మళ్ళీ పోయాలి. ఎండిందంటే ఫుక్సిన్ గడ్డకట్టి ఎర్రని పుల్లల్లా అతుక్కుంటుంది. తర్వాత రంగు పోగొట్టడానికి 25 శాతం గంధకామ్లం పోసినా ఆ పుల్లలు నమ్మకంగా పోవు. కాబట్టి "కు" ఉండి తీరాలి.

ఛందోభిలాషి: అర్థం దాకా వెళ్ళనక్కర్లేదు. మరగనీకు, ఆరనీకు అని అంత్యప్రాస కుదిరింది. "ఆవిరి", "అయిదు" అని రెండు ముక్కల మొదళ్ళూ కలిశాయి. "కు" తీసేస్తే కుంటుతుంది.

పీలేరు గాలి: ప్రాస కోసం రంగు పోస్తామా? "ఆరనీ" అంటే చల్లారనీ అని కూడా. మంట తీశాక స్లయిడు చల్లారాలి కదా. వేడి స్లయిడు మీద చన్నీళ్ళు పడితే పగులుతుంది.

పాత మైక్రోస్కోపు: చల్లారడం అనే అర్థం ఒప్పుకుంటాను. పేచీ ఎండడంతోనే. ఒక స్లయిడు తీసుకుందాం. మైక్రోస్కోపులో ఒకసారికి కనబడే మేర ఒక ఫీల్డు, అలాంటివి 100 చూస్తే 4 ఎర్రనివి కనబడ్డాయి. 1 నుంచి 9 దాకా అయితే స్కాంటీ అని అంకెతో రాస్తాం. పదికి చేరితేనే 1+. ఆ నాలుగూ బ్యాక్టీరియానా, ఎండిన రంగా? ఫోకస్ స్క్రూ కొద్దిగా తిప్పి చూడండి. రంగు పుల్లలైతే కణాల కన్నా పైన తేలినట్టు వేరే లోతులో స్పష్టమౌతాయి. ముదురుగా ఉంటాయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, అంచులు కోసినట్టుంటాయి. బ్యాక్టీరియా సన్నగా, కాస్త వంపుగా, ఒక్కోసారి పూసలు గుచ్చినట్టు, నీలం కణాలున్న లోతులోనే పడి ఉంటాయి.

కోనేటిగట్టు: ఉప్పూ కప్పురమూ అన్న శతకకారుడు మైక్రోస్కోపు చూసే రాశాడేమో!

ఛందోభిలాషి: అది ఆటవెలది. మీ వాక్యం ఏ పద్యంలోనూ ఇమడదు.

శ్రీకాళహస్తి వాసి: అన్నా, మా నాయన రిపోర్టులో స్కాంటీ 4 అని ఉంది. నాలుగో నెల మందులు మింగుతున్నాడు. ఇది రంగు పుల్లలేనా?

పాత మైక్రోస్కోపు: ఇక్కడ కూర్చుని చెప్పలేం తమ్ముడూ. చచ్చిన బ్యాక్టీరియా కూడా ఎర్రగానే కనబడుతుంది, అది బతికుందో లేదో కల్చర్ చేస్తేనే తెలుస్తుంది. మందులు ఆపనీకుండా ఆ కాగితం డాక్టరుకు చూపించు.

పీలేరు గాలి: సరే, స్లయిడు సంగతికొస్తే, అనుమానమొస్తే మళ్ళీ రంగు వేస్తే సరిపోదా?

పాత మైక్రోస్కోపు: అదే స్లయిడుకు కాదు. అదే కళ్ళె నుంచి కొత్త స్లయిడు మీద పూత వెయ్యాలి, రంగును వడకట్టాలి, పక్కన నెగటివ్ అని తెలిసిన స్లయిడొకటి పెట్టి రెండింటికీ కలిపి చెయ్యాలి. ఆ నెగటివ్‌లోనూ ఎర్రనివి వస్తే తప్పు రంగుదో నీళ్ళదో. కొళాయి నీళ్ళలో ఆమ్లానికి లొంగని బ్యాక్టీరియా ఉండొచ్చు. పాత స్లయిడు కడిగి వాడితే గీతల్లో ఇరుక్కున్నదీ కనబడుతుంది. పాజిటివ్ స్లయిడుకు తగిలిన నూనె లెన్సుతో పక్కదానికి పోవడం మరొకటి.

పీలేరు గాలి: ఎర్రనివి కనబడకపోతే మటుకు నిశ్చింతా?

పాత మైక్రోస్కోపు: కాదు. మిల్లీలీటరుకు అయిదువేల నుంచి పదివేల బ్యాక్టీరియా ఉంటేనే ఈ పద్ధతిలో కనబడతాయి. కళ్ళెకు బదులు ఉమ్మి వచ్చినా అంతే.

మదనపల్లె దారి: అసలు ఈ మాట 1915లో మొదలైన ఆరోగ్యవరం క్షయ శానటోరియం నుంచి వచ్చి ఉంటుందని నా అనుమానం. మన వైపు నోట అయితే "ఆరనీబాకు" అనే ఉండాలి.

ఛందోభిలాషి: అప్పుడు "మరగనీబాకు" అనాలి. ప్రాస ఇంకా బిగుస్తుంది.

పీలేరు గాలి: ఆధారం చూపండి, అప్పుడు ఒప్పుకుంటా. అందాకా నాకు "ఆరనీ"యే.