చంకల్లో వెంట్రుకలకు వ్యాక్సింగ్ మళ్లీ చేయించుకోవాలా, ట్రిమ్మర్‌తో సరిపెట్టుకోవాలా?

అక్కలూ, చెల్లెళ్లూ, మాది విజయనగరం. ఇక్కడి ఉక్కపోత మీకు తెలిసిందే. బస్సులో ఆఫీసుకు చేరేసరికి జాకెట్టు చంకల దగ్గర తడిసిపోతుంది.

ఇన్నాళ్లూ రేజరే వాడాను. నొప్పి లేదు గానీ మూడో రోజుకే గరుకుగా మొలుస్తాయి. ఎర్రటి పొక్కులు కూడా లేస్తున్నాయి. ఒకదాన్ని అద్దంలో దగ్గరగా చూస్తే, చర్మం కింద వెంట్రుక ఉంగరంలా చుట్టుకుని ఉంది.

పోయిన నెల పార్లర్‌లో వ్యాక్సింగ్ చేయించుకున్నాను. మూడు వారాలు నున్నగా ఉంది, వచ్చినవీ మెత్తగానే వచ్చాయి. కానీ చంకలో వెంట్రుకలు తలా ఒక వైపు పెరుగుతాయి కదా, ఆమె మొత్తం ఒకే పట్టీతో ఒకే వైపు లాగేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒకచోట పైచర్మం లేచి, రెండు రోజులు చెమట తగిలితే మంట. చిన్న చిన్న భాగాలుగా, వెంట్రుకలు బియ్యపుగింజంత పెరిగాక చేస్తే ఇంత బాధ ఉండదా?

థ్రెడింగ్ అడిగితే, అక్కడ చర్మం వదులు, దారంలో పడుతుందని ఆమే వద్దంది.

ట్రిమ్మర్‌తో చర్మానికి పెద్దగా ఏమీ కాదు, కాస్త మొదళ్లు మిగులుతాయంతే. పొక్కులు తగ్గేదాకా అదే మేలని నాకనిపిస్తోంది.

డిసెంబరులో చెల్లి పెళ్లి, స్లీవ్‌లెస్ జాకెట్టు కుట్టించాను. పొక్కులు పూర్తిగా మానాక, పెళ్లికి ఎన్ని రోజుల ముందు వ్యాక్సింగ్ చేయించుకుంటే ఎరుపు తగ్గుతుంది? ఇలాంటి చర్మం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.