యోగా క్లాసుల ప్యాక్‌కి ధర ఎంత, గడువు ఎన్ని రోజులు, మిగిలిపోయిన క్లాసులేం చేయాలి?

యోగా టీచర్, విజయనగరం

అందరికీ నమస్కారం. కంటోన్మెంట్ వైపు మా మేడ మీద హాల్లో పొద్దున్న ఒక బ్యాచ్, సాయంత్రం ఒక బ్యాచ్ నడుపుతున్నాను. ఆదివారం సెలవు. నెల ఫీజు ₹1,200. ఒక్క రోజుకని వచ్చేవాళ్ల దగ్గర ₹150 తీసుకుంటాను. ఈమధ్య బ్యాంకుల్లో పనిచేసేవాళ్లు, స్కూలు టీచర్లు "వారానికి రెండ్రోజులకంటే రాలేం మేడం, నెలంతటికీ ఎందుకు కట్టాలి, క్లాసుల లెక్కన ఇవ్వండి" అని అడుగుతున్నారు. 12 క్లాసులు ₹900, గడువు నెల రోజులు అనుకుంటున్నాను. ఈ ధర సరైనదేనా? గడువు దాటాక మిగిలిన క్లాసుల మాటేమిటి?

జిమ్ ఓనర్, బొబ్బిలి

అంత ఆలోచన ఎందుకు మేడం. ఫోన్ రీఛార్జ్ లాంటిదే ఇదీనూ. గడువు అయిపోయిందంటే అయిపోయినట్టే. రసీదు మీద "డబ్బు వాపసు ఇవ్వబడదు" అని అచ్చు వేయించేయండి. గడువు మాత్రం తప్పకుండా పెట్టండి. లేకపోతే సంక్రాంతికి కొన్న ప్యాక్ పట్టుకుని దసరాకి వస్తారు. అప్పటికి మీ ఫీజు పెరిగుంటుంది, పాత రేటుకే నేర్పాలి.

లెక్కలు చూసే మేస్టారు, శ్రీకాకుళం

గడువు ఉండాలన్నంతవరకు బొబ్బిలి అన్న చెప్పింది నిజమే. మిగతాది తర్వాత మాట్లాడదాం, ముందు ధర సంగతి.

అమ్మా, ₹900కి 12 అంటే క్లాసుకి ₹75 పడుతుంది. మీ నెల ఫీజు ₹1,200ని 75తో భాగిస్తే 16. అంటే నెలలో 16 రోజులకంటే తక్కువ వచ్చేవాళ్లకి నెల ఫీజుకంటే ప్యాకే చవక. మీ హాజరు పుస్తకం తీసి, నెల ఫీజు కడుతున్నవాళ్లలో పన్నెండు, పధ్నాలుగు రోజులు మాత్రమే వస్తున్నవాళ్లు ఎంతమందో చూసి చెప్పండి. కొత్తవాళ్ల కోసం పెట్టిన ప్యాక్‌లోకి ముందుగా దూకేది వాళ్లే.

యోగా టీచర్, విజయనగరం

ఇప్పుడే చూశాను మేస్టారూ. నెల ఫీజు వాళ్లు 22 మంది. అందులో 9 మంది పన్నెండు, పదమూడు రోజులే వస్తున్నారు.

లెక్కలు చూసే మేస్టారు, శ్రీకాకుళం

ఆ తొమ్మిది మందీ ₹900 ప్యాక్‌కి మారితే మనిషికి ₹300 చొప్పున నెలకి ₹2,700 తగ్గుతుంది. వచ్చే మనుషులు వాళ్లే, వేసే చాపలు అన్నే, ఆదాయం మాత్రం తక్కువ.

అందుకని ప్యాక్‌లో క్లాసు ధర ₹150కి దిగువన ఉండాలి కానీ, మీ నెల ఫీజు వాళ్లని లాగేంత దిగిపోకూడదు. ₹110 అనుకోండి. 1,200ని 110తో భాగిస్తే సుమారు 11. నెలకి పదకొండు రోజులు, ఆపైన వచ్చేవాళ్లకి నెల ఫీజే నయం. అంతకంటే తక్కువ వచ్చేవాళ్లే ప్యాక్ వైపు చూస్తారు. మీరు కోరుకున్నది కూడా వాళ్లనే కదా.

ఈ రేటున 12 క్లాసులు పెడితే ₹1,320 అవుతుంది. "నెల ఫీజుకంటే ఎక్కువా?" అని మొదటి చూపులోనే వెనకాడతారు. 8 క్లాసులు ₹880 పెట్టండి. వారానికి రెండు వచ్చే మనిషికి ఎనిమిది క్లాసులంటే నాలుగు వారాలు. ఒంట్లో బాగోకపోవడం, ఊరెళ్లడం ఉంటాయి గనక ఇంకో రెండు వారాల పైచిలుకు వెసులుబాటు కలిపి 45 రోజులు చేయండి. నెలలోపే అంటే వారానికి రెండ్రోజులవాళ్లు ఒక్క వారం తప్పినా నష్టపోతారు, రెండోసారి కొనరు.

కోచింగ్ సెంటర్, రాజాం

మధ్యలో వచ్చానని అనుకోవద్దు. మా దగ్గర డీఎస్సీ, బ్యాంకు పరీక్షల బ్యాచ్‌లున్నాయి. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు లెక్కగట్టి పది రోజుల్లో తిరిగివ్వాలని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. మేడంగారు కూడా అలాగే ఇవ్వాలి కదా?

లెక్కలు చూసే మేస్టారు, శ్రీకాకుళం

అవి 50 మందికంటే ఎక్కువ విద్యార్థులున్న కోచింగ్ సెంటర్ల కోసం సార్. పరీక్షలకీ, చదువుకీ ఇచ్చే కోచింగ్ గురించి. మేడంగారి యోగా హాలు వాటి కిందకి రాదు. మీ సెంటర్లో అంతమంది ఉంటే మాత్రం అది ఆ లెక్కలోదే, అప్పుడు నేను కింద చెప్పే వాపసు పద్ధతి మీరు వాడకండి. మీరు మిగిలిన కాలాన్ని బట్టే ఇవ్వాలి.

ఇక మేడంగారి మిగిలిన క్లాసులు. "వాపసు లేదు" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టొద్దమ్మా. విజయనగరం లాంటి ఊళ్లో మీకు కొత్తవాళ్లు పాతవాళ్ల నోటిమాట మీదే వస్తారు. రసీదు మీద ఏం రాసున్నా, అసలు మొదలెట్టని క్లాసులకి డబ్బు ఉంచేసుకున్నారని ఒకరు వినియోగదారుల కమిషన్‌కి వెళ్తే మీకు జవాబు కష్టం. నేను లెక్కలు చూసే చోట్ల ఇలా చేయిస్తున్నాను. మానేస్తానన్న మనిషి వచ్చిన క్లాసులకి ₹150 చొప్పున లెక్కగట్టి, మిగిలింది తిరిగిస్తారు. ₹880 కట్టి మూడు క్లాసులు వచ్చారనుకోండి. మూడు నూట యాభైలు ₹450, వాపసు ₹430. ఐదు వచ్చుంటే ₹130. ఆరు వస్తే ₹900 అయిపోయింది గనక వాపసు ఉండదు. ఎనిమిదీ కొంటారని కదా తగ్గించి ఇచ్చాం, అందుకని ఆ తగ్గింపు వెనక్కి వెళ్తుంది.

ఒక విద్యార్థిని తల్లి, శ్రీకాకుళం

మేస్టారూ, కొనేవాళ్ల వైపు నుంచి చెప్తాను. ఐదు క్లాసులు మిగిలితే ఐదు నూట పదులు ₹550 రావాలి. మీ లెక్కలో ₹430 వస్తోంది. మా పాప డాన్స్ క్లాసులో ఇలాగే చేశారు. డబ్బు కట్టినప్పుడు ఒక్క మాట చెప్పలేదు, మానేసినరోజు కాగితం తీసి చూపించారు.

లెక్కలు చూసే మేస్టారు, శ్రీకాకుళం

మీ కోపంలో న్యాయముందమ్మా. డబ్బు తీసుకునే ముందే ఆ ₹430 ఉదాహరణ చూపించాలి, రసీదు మీద అదే రాయాలి. అలా చెప్పకుండా ఈ పద్ధతి పెడితే అన్యాయమే. అసలు ₹110 లెక్కనే ఇస్తామనే టీచర్లూ ఉన్నారు. నాకైతే అలా చేస్తే అందరూ ప్యాక్ కొని రెండు క్లాసులకే మానేసి, ఒక్కరోజు ఫీజు ఎగ్గొట్టే దారి దొరుకుతుందనిపిస్తుంది.

గడువు దాటినవాళ్ల సంగతి వేరు. వారంలోపు కొత్త ప్యాక్ కొంటే మిగిలినవాటిలో రెండు క్లాసులు అందులో కలపండి. అంతకుమించి వద్దు. మీరు సెలవిచ్చిన ప్రతి రోజుకీ గడువు ఒక రోజు జరగాలి. సిరిమానోత్సవం రోజు ఊళ్లో బండి కదలదు, తుపాను వానల్లో హాలు మూసేస్తారు. అవి వాళ్ల ఖాతాలో రాయకండి.

ఇంకొక్కటి. అమ్మిన రోజున వచ్చిన ₹880 మీది కాదు, నేర్పాక మీదవుతుంది. ప్రతి నెలాఖరున అమ్మిన క్లాసుల్లో ఎన్ని మిగిలున్నాయో ఒక గీత గీసి రాసుకోండి. 50 మిగిలుంటే ₹5,500 బ్యాంకులోంచి కదపొద్దు. ఆ 50 క్లాసులకీ ఒకే వారంలో వస్తే హాల్లో చాపలు పడతాయా అన్నదీ అక్కడే తెలుస్తుంది.

జిమ్ ఓనర్, బొబ్బిలి

చాపల సంగతి నిజం. జనవరిలో మా దగ్గర అదే పరిస్థితి. కానీ రెండు క్లాసులు కలపడమంటే నేను ఒప్పుకోను, అలవాటు పడతారు.

యోగా టీచర్, విజయనగరం

చాలా తేటగా అర్థమైంది మేస్టారూ. రసీదు మీద ఇలా రాస్తున్నాను, చూసి చెప్పండి: "8 క్లాసులు ₹880. గడువు 45 రోజులు. మానేస్తే వచ్చిన క్లాసులకి ₹150 చొప్పున తీసుకుని మిగతాది వాపసు. ఉదాహరణకు 3 క్లాసులు వస్తే ₹430 వాపసు."

లెక్కలు చూసే మేస్టారు, శ్రీకాకుళం

"45 రోజులు" అని రాస్తే కొన్నరోజు నుంచా, మొదటి క్లాసు నుంచా అని తగువొస్తుంది. మొదటి క్లాసు రోజు నుంచి లెక్కపెట్టండి, ఆ మొదటి క్లాసు కొన్న పది రోజుల్లోపు ఉండాలి. చివరి తేదీని చేత్తో రసీదు మీద వేసివ్వండి.

యోగా టీచర్, విజయనగరం

అలాగే చేస్తాను. ఒకావిడ అప్పుడే అడిగేసింది, తన ప్యాక్‌లో మిగిలిన క్లాసులకి కోడలు రావచ్చా అని. ఏమనాలి?

జిమ్ ఓనర్, బొబ్బిలి

వద్దనండి. ఒక ప్యాక్ మీద ఇల్లంతా వస్తారు.

ఒక విద్యార్థిని తల్లి, శ్రీకాకుళం

ఇవ్వండి మేడం. రేపు కోడలు తనకని ఒక ప్యాక్ కొంటుంది.

లెక్కలు చూసే మేస్టారు, శ్రీకాకుళం

నేను చూసే సెంటర్లలో ఒకరు ఇస్తారు, ఇంకొకరు ఇవ్వరు. కొత్త మనిషికి మోకాళ్లు, బీపీ అడిగి మొదట్నుంచీ నేర్పాలి కదా, ఆ శ్రమ మీకెంతో మీరే చూసుకోవాలి.