అప్‌డేట్: బేస్‌లైన్ స్కోరు పెరుగుతున్న సమస్య తీరింది

నా ప్రశ్న: ఒకే విద్యార్థితో పదాలు చదివించే ఏ-బి-ఏ-బి స్టడీ. ఏ అంటే బోధన లేని బేస్‌లైన్ దశ, బి అంటే బోధన దశ, రెండూ రెండేసి సార్లు. బోధన మొదలుపెట్టకముందే బేస్‌లైన్ 20కి 4, 6, 9, 11, 13గా పెరుగుతోంది. ఏం చేయాలి?

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. తప్పు నాదే. మా గైడ్ సెషన్ రికార్డింగ్ విని పట్టుకున్నారు: పిల్లవాడు తప్పు చదివిన ప్రతిసారీ నేను సరైన పదం చెప్పేస్తున్నా. అంటే బేస్‌లైన్‌లోనే బోధన జరిగిపోతోంది! కొత్త పదాలు తీసుకుని, సరిదిద్దడం ఆపితే 4, 5, 3, 4, 4 వచ్చింది.

ఇక్కడ ఒకరు చెప్పినట్టు ఏ-బి-ఏ-బి కూడా వదిలేశాను. నేర్చుకున్న పదం బోధన ఆపగానే మర్చిపోరు కదా, రెండో ఏ దశలో స్కోరు వెనక్కి రాదు. బదులుగా మల్టిపుల్ బేస్‌లైన్: మూడు పదాల జాబితాలు, బోధన వరుసగా 5, 8, 11 సెషన్ల తర్వాత మొదలు. ఏ జాబితాకు మొదలుపెడితే అదే పెరిగింది, మిగతావి కదల్లేదు. జాబితాల మధ్య పోలిక ఉన్న పదాలు ముందే తీసేశాను, లేకపోతే ఒకటి నేర్పితే రెండోదీ పెరిగేది.

బేస్‌లైన్ ఇంకో వారం పొడిగించమన్న సలహా నా విషయంలో పనికి రాలేదు. సరిదిద్దుతున్నంతకాలం అది పెరుగుతూనే ఉండేది.